వేరుశనగలో ముక్క వాసన, నల్ల మచ్చలు: ఆ గింజలు ప్రమాదమా? అఫ్లటాక్సిన్ అంటే ఏమిటి?

కాయలు వలిచేటప్పుడు కొన్ని గింజలు ముక్క వాసన వస్తాయి. కొన్నింటి మీద నల్లటి మచ్చలు, పసుపు పచ్చ బూజు కనిపిస్తాయి. ఇవి తినొచ్చా, నూనె ఆడించొచ్చా, పశువులకు పెట్టొచ్చా అని రైతులు తరచూ అడుగుతుంటారు. ముందుగా సూటిగా జవాబు చెబుతాను. బూజు పట్టిన గింజ, ముక్క వాసన వచ్చే గింజ, చేదుగా ఉన్న గింజ మనుషులూ తినకూడదు, పశువులకూ పెట్టకూడదు. పైకి మచ్చ కనిపించిన ప్రతి కాయా విషం కాదు. అలాగే చూడటానికి శుభ్రంగా ఉన్న ప్రతి గింజా విషం లేనిదని చెప్పలేం. ఈ తేడా తెలిస్తే ఏది పారేయాలో, ఏది ఉంచుకోవాలో మీరే తేల్చుకోవచ్చు.

అఫ్లటాక్సిన్ అంటే ఏమిటి?

మన నేలల్లో ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు ఉంటుంది. ఇది ఎక్కడి నుంచో వచ్చే తెగులు కాదు. చేలో, కల్లంలో, గోదాములో ఎప్పుడూ ఉండేదే. గింజ మీద పెరిగినప్పుడు పసుపు పచ్చగా, ఆకుపచ్చ పొడిలా కనిపిస్తుంది. వేడి, తేమ అనువుగా దొరికితే ఈ బూజు గింజలో ఒక విషాన్ని తయారు చేస్తుంది. ఆ విషమే అఫ్లటాక్సిన్. బూజు పేరులోని అక్షరాలతోనే దానికి ఆ పేరు పెట్టారు.

ఈ విషం 1960లో ఇంగ్లండులో బయటపడింది. అక్కడ లక్షకు పైగా టర్కీ కోళ్లు కారణం తెలియకుండా చనిపోయాయి. వెతికితే వాటి దాణాలో కలిపిన వేరుశనగ చెక్కలో ఈ విషం ఉందని తేలింది. మన దేశంలో 1974లో రాజస్థాన్, గుజరాత్ సరిహద్దు గ్రామాల్లో వానకు తడిసి బూజు పట్టిన మొక్కజొన్న తిని వందమందికి పైగా చనిపోయారు. కామెర్లు వచ్చి, పొట్టలో నీరు చేరి, కాలేయం దెబ్బతిని పోయారు. ఆ ఊళ్లలో అదే మొక్కజొన్న తిన్న కుక్కలు కూడా చనిపోయాయి.

అంత పెద్ద మోతాదు అరుదుగా లోపలికి పోతుంది. పొరపాటున ఒక చేదు గింజ నోట్లో పడితే కంగారు పడనక్కర్లేదు. ఉమ్మేసి నోరు పుక్కిలిస్తే చాలు. అసలు ప్రమాదం కొద్దికొద్దిగా ఏళ్ల తరబడి తినడంలో ఉంది. ఈ విషం కాలేయ క్యాన్సర్‌కు కారణమని నిర్ధారణ అయింది. హెపటైటిస్-బి ఉన్నవారికి ఆ ముప్పు ఇంకా ఎన్నో రెట్లు ఎక్కువ. పిల్లల శరీరం చిన్నది కాబట్టి అదే గింజ వారికి పెద్ద మోతాదు అవుతుంది.

ఏ మచ్చ దేనివల్ల?

కాయ పై తొక్క మీద ఎర్రమట్టి, నల్లమట్టి మరకలు ఉంటే అవి ఉత్త నేల మరకలు. గింజ బాగుంటే భయం లేదు. తొక్క లోపలి వైపు ముదురు గోధుమ రంగు లేదా నలుపు చారలు ఉంటే అది రోగం కాదు, కాయ బాగా ముదిరిందనడానికి గుర్తు. కోతకు వచ్చిందో లేదో చూసేందుకు మనం వెతికేది కూడా దీన్నే.

గింజను రెండు బద్దలుగా విడదీస్తే మధ్యలో గుంటపడి గోధుమ రంగులో కనిపించడం బోరాన్ లోపం. మొలక భాగం నల్లబడి ఉండటం సున్నం లోపం. ఇవి పోషకాల లోపాలే కానీ విషం కాదు. ఇలాంటి గింజకు మార్కెట్‌లో ధర తగ్గుతుంది, విత్తనంగా కూడా సరిగా పనికిరాదు.

గింజ మీద మసిలాంటి నల్లటి పొడి ఉంటే అది సాధారణంగా మొదలుకుళ్లు తెగులును కలిగించే నల్ల బూజు. మనం చెప్పుకుంటున్న విషాన్ని అది తయారు చేయదు. అయినా ఆ గింజను తినకూడదు. ఒక బూజు పెరగడానికి వీలైన చోట రెండోది కూడా ఉండొచ్చు.

పసుపు పచ్చ లేదా ఆకుపచ్చ పొడి, ముడుచుకుపోయిన గింజ, గోధుమ రంగుకు మారిన పైపొర, పురుగు తొలిచిన రంధ్రం, పగిలిన కాయలో నల్లబడ్డ గింజ. వీటిలో ఏది కనిపించినా అనుమానించాలి, ఆ గింజను వేరు చేయాలి.

ఇక వాసన సంగతి. పాత గింజలో నూనె చెడి వచ్చే ఘాటు వాసన వేరు. తడిసిన గోనెసంచిలా, మూసి ఉంచిన గదిలా వచ్చే ముక్క వాసన వేరు. మొదటిది గింజ పాతబడిందని చెబుతుంది. రెండోది లోపల బూజు పెరిగిందని చెబుతుంది. ఒకటి గుర్తుంచుకోండి, అఫ్లటాక్సిన్‌కు రంగు, రుచి, వాసన ఏమీ లేవు. మనకు తెలిసేది బూజు వాసనే. బూజు ఆరిపోయి, దులిపితే రాలిపోయి, వాసన పోయినా విషం మాత్రం గింజలోనే ఉండిపోతుంది. అందుకే వాసన వచ్చిన కాయలను మళ్లీ ఎండబెట్టి, చెరిగి, వాసన పోయిందని వాడుకోవడం సరికాదు.

ఒక్క గింజ కిలోను ఎలా పాడు చేస్తుంది?

ఈ విషం బస్తా అంతటా సమానంగా ఉండదు. వేలల్లో కొద్ది గింజల్లోనే పోగై ఉంటుంది. వేరుశనగలో తెలుసుకోవాల్సిన ముఖ్యమైన సంగతి ఇదే.

మన దేశంలో ఆహార భద్రత నిబంధనల ప్రకారం శుద్ధి చేయాల్సిన వేరుశనగలో కిలోకు 15 మైక్రోగ్రాములకు మించి అఫ్లటాక్సిన్ ఉండకూడదు. అంటే ఒక టన్ను గింజలకు 15 మిల్లీగ్రాములు. అది సుమారుగా ఒక్క బియ్యపు గింజ బరువు. యూరప్ దేశాలు నేరుగా తినే వేరుశనగకు కిలోకు 4 మైక్రోగ్రాములే ఒప్పుకుంటాయి. అందుకే ఎగుమతి చేసేవారు అంత గట్టిగా పరీక్షిస్తారు.

ఇప్పుడు ఈ లెక్క చూడండి. కదిరి-6 లాంటి రకంలో కిలోకు సుమారు 2,500 గింజలు తూగుతాయి. అందులో 2,499 గింజలు పూర్తిగా శుభ్రం అనుకుందాం. మిగిలిన ఒక్క గింజలో బూజు బాగా పెరిగి, దానిలో 20 మైక్రోగ్రాముల విషం ఉందనుకుందాం. బాగా చెడిన గింజలో ఇంత ఉండటం వింతేమీ కాదు. ఆ ఒక్కదానితో కిలో మొత్తం సగటు 20 అవుతుంది, పరిమితి దాటిపోతుంది. ఆ ఒక్క గింజను తీసేస్తే మిగతా కిలో అంతా మంచిదే.

ఏరివేత విలువ ఇక్కడే తెలుస్తుంది. కూలి దండగ అనుకుని చెడ్డ గింజలను కలిపేస్తే మంచి సరుకు కూడా చెడ్డ లెక్కలోకి పోతుంది. ఇంకో సంగతి కూడా ఇక్కడే అర్థమవుతుంది. బస్తా పైనుంచి గుప్పెడు తీసి చూసి బాగుందని చెప్పలేం. ఆ గుప్పెట్లో చెడ్డ గింజ లేకపోవచ్చు, బస్తా అడుగున ఉండొచ్చు.

వేయిస్తే, ఉడకబెడితే పోతుందా?

పోదు. వేడికి బూజు చస్తుంది కానీ అది చేసిన విషం ఉండిపోతుంది. ఉడకబెట్టడానికి, తాలింపు పెట్టడానికి ఉండే వేడి దానికి చాలదు. బాగా వేయిస్తే కొంత తగ్గుతుంది కానీ పూర్తిగా పోదు. పైగా వేయించి, ఉప్పూ కారం పట్టించాక గింజ రంగు, వాసన తెలియవు. చెట్నీ, పొడి, బెల్లం ఉండల్లో ఒక చెడ్డ గింజ కలిసిందంటే మళ్లీ విడదీయలేం. కాబట్టి వేయించక ముందే ఏరాలి, వేయించాక పైపొర తీసేటప్పుడు మరోసారి చూడాలి.

నూనె ఆడిస్తే విషంలో ఎక్కువ భాగం చెక్కలోకి పోతుంది. అయితే గానుగ నుంచి వచ్చిన నూనెలో కంటికి కనిపించని పిండి రేణువులు ఉంటాయి. వాటితో పాటు కొంత విషం కూడా నూనెలోకి వస్తుంది. ఫ్యాక్టరీలో శుద్ధి చేసినప్పుడు అది పోతుంది, గానుగ నూనెకు ఆ శుద్ధి ఉండదు. ఇంటికి వాడుకునే నూనెకు మంచి గింజనే ఆడించుకోండి. ఏరి పక్కన పెట్టిన తాలు, నల్ల గింజలను గానుగకు పంపకండి.

పశువుకు పెడితే పాలలోకి వస్తుంది

చాలా ఇళ్లలో చెడిన గింజలు చివరికి గాటిపాడికే చేరతాయి. మనిషి తినకపోతే చాలనుకుంటాం. కానీ పాడి ఆవు, గేదె తిన్న ఈ విషంలో సాధారణంగా నూటికి ఒకటి రెండు వంతులు రూపం మారి పాలలోకి వస్తుంది. తిన్న ఒక రోజులోపే పాలలో కనిపిస్తుంది. పాలు కాచినా, పెరుగు తోడుపెట్టినా పోదు. ఆ పాలు ఎక్కువగా తాగేది పిల్లలే.

పశువుకు కూడా నష్టమే. మేత తగ్గుతుంది, పాలు తగ్గుతాయి, చూలు నిలవడంలో ఇబ్బందులు వస్తాయి. దూడలు, కోళ్లు ఇంకా త్వరగా దెబ్బతింటాయి. ఇప్పటికే బూజు పట్టిన చెక్క పెడుతుంటే వెంటనే ఆపండి. ఆపిన నాలుగైదు రోజుల్లో పాలు బాగుపడతాయి. వేరుశనగ కట్టె మేపేటప్పుడు కూడా తడిసి నల్లబడ్డ మోపులు, బూజు పట్టిన లేత కాయలు వేలాడుతున్న కట్టె పక్కన పెట్టాలి.

బూజు గింజలోకి ఎప్పుడు చేరుతుంది?

రెండు సమయాలు. మొదటిది చేలోనే. కోతకు ముందు నాలుగైదు వారాలు వాన లేక నేల వేడెక్కినప్పుడు కాయలోని తేమ తగ్గుతుంది, బూజును ఎదిరించే శక్తి కూడా గింజకు తగ్గుతుంది. నేలలో ఉన్న బూజు అప్పుడు తొక్క దాటి లోపలికి పోతుంది. చెదలు, పురుగు కొరికిన కాయలోకి ఇంకా సులువుగా పోతుంది. రెండోది పీకిన తర్వాత, కాయలు త్వరగా ఆరనప్పుడు. చివర్లో బెట్ట, ఆ వెంటనే కోతలో వాన, ఈ రెండూ కలిసిన ఏడాది అన్నిటికంటే ప్రమాదం. రాయలసీమ వర్షాధార చేలలో ఇలాంటి ఏళ్లు మనకు కొత్త కాదు.

ఒక ఉదాహరణ తీసుకుందాం

అనంతపురం వైపు ఎర్రనేలలో రెండెకరాల వర్షాధార వేరుశనగ అనుకుందాం. జులైలో విత్తారు. ఊడలు దిగి కాయ ఊరే వరకు వానలు బాగానే ఉన్నాయి. సెప్టెంబరు చివర నుంచి మూడు వారాలు చినుకు లేదు. అక్టోబరులో పీకారు, పీకిన రెండో రోజు వాన పడింది. ఈ రైతు ఏం చేయాలి?

పీకే ముందు చేను ఒకసారి తిరిగి చూడాలి. గట్టు పక్కన, రాళ్ల తావులో ముందే ఎండిపోయిన మొక్కలను మిగతా పంటతో కలపకుండా విడిగా పీకి, విడిగా ఉంచాలి. విషం ఉండే అవకాశం వాటి కాయల్లోనే ఎక్కువ.

పీకిన మొక్కలను తడి మీద వామి వేయకూడదు. వామి లోపల వేడి పుట్టి బూజుకు అదే పొదుగుడు గది అవుతుంది. చిన్న చిన్న కట్టలుగా, కాయలు పైకి, ఆకులు కిందికి ఉండేలా వరుసల్లో పెట్టాలి. అప్పుడు కాయ నేలకు తగలదు, గాలి తగులుతుంది. వాన వచ్చేలా ఉంటే టార్పాలిన్ కప్పాలి, తెరిపి ఇవ్వగానే తీసేయాలి. కప్పి అలాగే వదిలేస్తే లోపల ఉక్కపోసి తడిసిన దానికంటే ఎక్కువ చెడుతుంది. వరుసలు తడిస్తే ఎండ రాగానే మొక్కలను కదిపి తిప్పాలి.

రెండు మూడు రోజుల ఎండ తర్వాత కాయలు కోయాలి. యంత్రంతో కొట్టిస్తే పగిలిన కాయలు ఎన్ని వస్తున్నాయో మొదటి బస్తాలోనే చూసుకుని వేగం సరిచేయించుకోవాలి. పగిలిన కాయ బూజుకు తెరిచిన తలుపు. కోసిన కాయలను మట్టి నేల మీద కాకుండా పట్టా మీద రెండు అంగుళాల మందానికి మించకుండా పరిచి, రోజుకు మూడు నాలుగు సార్లు కలియబెట్టాలి. సాయంత్రం కుప్ప చేసి మంచు పడకుండా కప్పాలి.

పీకేటప్పుడు కాయలో మూడోవంతు నుంచి సగం వరకు నీరే ఉంటుంది. అది 9 శాతం లోపుకు రావాలి. తేమ మీటరు లేకపోతే ఇలా చూడండి. కాయ ఊపితే లోపల గింజ గలగలలాడాలి. గింజను బొటనవేలితో నలిపితే ఎర్రటి పైపొర ఊడి రావాలి. కొరికితే మెత్తగా నలగకుండా పటుక్కున విరగాలి. ఈ మూడూ కుప్పలో నాలుగు చోట్ల కాయలు తీసి చూడాలి, పైనున్న కాయ ఆరినా అడుగున ఉన్నది ఆరకపోవచ్చు.

పీకిన తర్వాత చేలో దుక్కి చేసి ఏరిన కాయలు ఉంటాయి. ఇవి ఎక్కువ రోజులు నేలలో ఉండిపోయినవి, చాలావరకు తెగిన ఊడలవి, పురుగు తగిలినవి. వీటిని అసలు పంటలో కలపవద్దు. కూలికి బదులుగా తీసుకెళ్లి ఇంట్లో వాడుకునే అక్కచెల్లెళ్లకు కూడా ఈ మాట చెప్పండి. ఒలిచి, ఒక్కో గింజ చూసి, నిండుగా మెరుస్తున్నవే ఉంచుకోవాలి.

వలిచేటప్పుడు నీళ్లు చల్లకండి

గింజ విరగకుండా ఉండేందుకు వలిచే ముందు కాయల మీద నీళ్లు చల్లడం చాలాచోట్ల అలవాటు. బస్తా బరువు తూగాలని చల్లేవారూ ఉన్నారు. ఇన్ని రోజులు కష్టపడి ఆరబెట్టింది ఒక్క చెంబు నీళ్లతో పోతుంది. తడిసిన కాయను బస్తాలో కడితే రెండు మూడు రోజుల్లోనే బూజు మొదలవుతుంది. తప్పనిసరై కొద్దిగా తడిపితే అదే రోజు వలిచి, గింజలను తిరిగి ఆరబెట్టాలి. నిల్వ ఎప్పుడూ కాయగానే ఉంచాలి, అవసరమైనంతే వలుచుకోవాలి. బస్తాలను చెక్క బల్లల మీద, గోడకు మూరెడు దూరంగా పేర్చాలి. పురుగు పడిందేమో నెలకోసారి చూడాలి.

వచ్చే పంటకు ముందే చేయగలిగినవి

చేలో మొదలయ్యే బూజును పూర్తిగా ఆపలేం, తగ్గించగలం. ఎకరాకు 2 కిలోల ట్రైకోడెర్మా విరిడిని 90 కిలోల పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండితో కలిపి, తడి చల్లుతూ నీడలో వారం రోజులు ఉంచి, విత్తే ముందు తేమ ఉన్న నేలలో వేయాలి. పూత, ఊడలు దిగే దశలో ఎకరాకు 200 కిలోల జిప్సం మొక్కల మొదళ్ల దగ్గర వేసి మట్టి ఎగదోయాలి. జిప్సంలోని సున్నం వల్ల తొక్క, గింజ గట్టిపడతాయి. నీటి వసతి ఉంటే చివరి నెలలో బెట్ట వచ్చినప్పుడు ఇచ్చే ఒక్క తడి ఎంతో మేలు చేస్తుంది. పంట పక్వానికి రాగానే పీకాలి, ధర కోసమో కూలీల కోసమో చేలో వదిలేసిన ప్రతి వారం ముప్పును పెంచుతుంది.

పరీక్ష ఎక్కడ, ఎలా?

కచ్చితంగా తెలియాలంటే పరీక్ష ఒక్కటే మార్గం. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు తక్కువ ఖర్చుతో చేసే ఎలీసా పరీక్షను రూపొందించారు. ఒక్కో రైతు విడిగా చేయించడం భారం కాబట్టి ఉత్పత్తిదారుల సంఘంగా కలిసి చేయించుకోవడం మేలు. నమూనా తీసే పద్ధతి మీదే ఫలితం ఆధారపడుతుంది. వీలైనన్ని బస్తాల నుంచి, పైన, మధ్యలో, అడుగున కొంచెం కొంచెం తీసి, మొత్తం కలిపి, కనీసం కొన్ని కిలోలు పంపాలి. మంచి గింజలు ఏరి పంపితే మిమ్మల్ని మీరే మోసం చేసుకున్నట్టు.

ఏరిన చెడ్డ గింజలను ఏం చేయాలి?

ఏరేటప్పుడు ముక్కుకు, నోటికి గుడ్డ కట్టుకోండి, ఆ పొడి పీల్చడం మంచిది కాదు. చెడ్డవాటిని గాటిపాడికి, కోళ్లకు, గానుగకు, విత్తనానికి, అమ్మకపు బస్తాకు దేనికీ పంపకండి. పశువులు, కోళ్లు తవ్వలేనంత లోతుగా, బావికి దూరంగా గొయ్యి తీసి పూడ్చండి. పది బస్తాలకు కిలోనో రెండు కిలోలో పోతాయి. ఆ కిలోను మళ్లీ కలిపితే పోయేది పది బస్తాలూ.

మీ కాయల విషయంలో సందేహం ఉంటే కొన్ని గింజలు కవరులో వేసుకుని దగ్గరలోని రైతు సేవా కేంద్రానికో, కృషి విజ్ఞాన కేంద్రానికో తీసుకెళ్లి చూపించండి. లేదా కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551కు ఫోన్ చేసి తెలుగులోనే అడగవచ్చు. ఎప్పుడు పీకారు, పీకాక వాన పడిందా, ఎన్ని రోజులు ఆరబెట్టారు అనే మూడు సంగతులు చెబితే సలహా ఇవ్వడం సులువవుతుంది.